సగం కట్టిన గోడకు పూర్తి న్యాయం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 170-180 కిలోమీటర్ల వేగంతో వీచిందని వాతావరణ శాఖ లెక్క కట్టింది. ఎయిర్‌పోర్టు పైకప్పు ఊడింది. గాలిని కనిపెట్టాల్సిన డాప్లర్ రాడారే దెబ్బతిని ఆగిపోయింది. ఇంత జరిగాక కూడా మా బావమరిది గోడను పడగొట్టింది గాలేనని తేలడానికి ఒక రిపోర్టు కావలసి వచ్చింది. రావాలి కూడా. గాలి మీద నింద వేయడం తేలిక, పాపం అది తన వాదన వినిపించుకోలేదు.

ఇల్లు సగంలో ఉంది. కింది స్లాబు అయింది. పై అంతస్తులో 40 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తున తొమ్మిదంగుళాల గోడ లేచింది. అడ్డగోడలు ఇంకా కట్టలేదు, లింటెల్ పోయలేదు. తుపానులో ఆ గోడ పోర్టికో సెంట్రింగ్ మీద, కొత్తగా పోసిన మెట్ల మీద, పక్కనే పేర్చిన సిమెంటు బస్తాల మీద పడింది. కడుతున్న ఇంటికి ఇచ్చే బీమా, అంటే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్ పాలసీ ఉంది కాబట్టి మావాడు ధైర్యంగానే నిద్రపోయాడు. ‘ఆల్ రిస్క్స్’ అనే పేరు చూసి నిద్రపోయేవాళ్ల కోసమే మినహాయింపులు చిన్న అక్షరాల్లో ఉంటాయి.

నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చారు. పడిన ఇటుక ఒకటి తీసి తిప్పి చూశారు. దానికి మాలు అంటుకోనే లేదు, ఇటుక శుభ్రంగా ఊడొచ్చింది. గోడ మొదట్లో మిగిలిన మాలును బొటనవేలి గోరుతో గీరితే ఇసుకలా రాలింది. ఎండిన ఇటుకను నానబెట్టకుండా పేరిస్తే అది మాలులోని నీళ్లన్నీ తాగేస్తుంది, సిమెంటు గట్టిపడేందుకు ఏమీ మిగలదు. “ఇటుకలు నానబెట్టారా?” అని తాపీమేస్త్రీని అడిగారు.

“తుపానులో బాగా నానాయి సార్” అన్నాడు మేస్త్రీ.

రిపోర్టులో ‘కారణం’ దగ్గర ‘గాలి, నాసిరకం పనితనం’ అని పడింది. పాలసీ ప్రకారం నాసిరకంగా కట్టిన గోడను తిరిగి కట్టే ఖర్చు రాదు. ఆ గోడ పడి మంచిగా కట్టినవి పాడైతే వాటి నష్టం మాత్రం వస్తుంది. నేరస్థుడికి సాయం లేదు, బాధితులకు ఉంది. ధర్మశాస్త్రంలో కూడా ఇంత సూక్ష్మం ఉండదు.

ఇక ఖర్చు. మావాడు అడిగింది 4 లక్షలు. అందులో ఇంకా కొనని టైల్స్ 70 వేలు, శిథిలాలు ఎత్తించడానికి 40 వేలు, ఈసారి గోడను కాంక్రీటు పట్టీలతో కట్టేందుకు 50 వేలు ఉన్నాయి. రాని టైల్స్ పగలవు. శిథిలాల ఖర్చు కావాలంటే పాలసీలో విడిగా కొనుక్కోవాలి. పాతదానికన్నా మెరుగైనది కట్టిపెట్టడం బీమా పని కాదు. మూడింటినీ కొట్టేశారు, న్యాయంగానే. మిగిలిన 2.40 లక్షల్లో గోడకు 40 వేలు, పనికొచ్చే ఊచలు, ఇటుకల విలువ కింద 20 వేలు పోయి 1.80 లక్షలైంది. ఇల్లు పూర్తయ్యాక విలువ 40 లక్షలైతే, ప్రీమియం తగ్గుతుందని 30 లక్షలకే బీమా చేశాడు. కాబట్టి ముప్పావు వంతే ఇచ్చి 1.35 లక్షలన్నారు. ప్రకృతి వైపరీత్యమైతే తనే భరిస్తానని పాలసీలో ముందే ఒప్పుకున్న వాటా, ఎక్సెస్, 50 వేలు. చేతికొచ్చేది 85 వేలు.

అన్నిటికీ తలూపాను కానీ, ఆ గోడ 40 వేల దగ్గర ఆగాను. గంటకు 180 కిలోమీటర్ల గాలి ప్రతి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బలంతో తోస్తుంది. ఈ గోడ మొత్తం మీద దాదాపు 4 టన్నులు. పైన పట్టు లేకుండా, పక్కన అడ్డగోడ లేకుండా నిలబడ్డ తొమ్మిదంగుళాల గోడ, మాలు ఎంత మంచిదైనా, దానికి ఆగడం కష్టం. మాలు బాగోలేదన్నది నిజమే, గోడ పడింది దానివల్లేనా అన్నది వేరే ప్రశ్న. అడ్డగోడలు లేకపోవడం తప్పంటారా, కడుతున్న ఇల్లు అలాగే ఉంటుంది. అలా ఉన్నప్పుడు పడిపోతుందనే కదా కడుతున్న ఇంటికి వేరే పాలసీ అమ్మారు! ఇల్లు పూర్తి కాలేదన్న నెపంతో క్లెయిమ్ తగ్గించడమంటే, రోగం ఉంది కాబట్టి వైద్యం చేయం అనడమే.

కంపెనీలకు నాదొక వినయపూర్వక సూచన. లింటెల్ పోసి, క్యూరింగ్ అయ్యాకే తుపాను తీరం దాటాలని పాలసీలో ఒక షరతు చేర్చండి. దానికింద వాయుగుండం సంతకం తీసుకోండి.

ఈ వాదనంతా లెక్కతో సహా రాసి పంపాం. కంపెనీ మర్యాదగానే జవాబిచ్చింది: గోడ పడకముందు తీసిన ఫొటో ఉంటే పంపండి, పునఃపరిశీలిస్తాం. ఫొటో ఉంది. మావాడు గోడ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని దిగాడు. వెనక పొడి ఇటుకల గుట్ట, దాని పక్కన బోర్లించిన నీళ్ల తొట్టి స్పష్టంగా కనిపిస్తున్నాయి.