సవరణ: జాయింట్ హోమ్ లోన్‌లో కో-అప్లికెంట్ బాధ్యత

"అన్నా, గుంటూరులో తమ్ముడి ఫ్లాట్ లోన్‌లో నేను కో-అప్లికెంట్‌ని, పేరు తీయించుకోవచ్చా?"

మొన్న నేను సగం బాధ్యతే నీదని, లెటర్ ఇస్తే పేరు తీసేస్తారని రాశాను, రెండూ తప్పే, క్షమించు. తమ్ముడు కట్టకపోతే బ్యాంకు మొత్తం బాకీ నీ ఒక్కడి దగ్గరే అడగొచ్చు, ఆలస్యమైతే నీ సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది.

పేరు తీయాలంటే బ్యాంకు ఒప్పుకోవాలి, అందుకు తమ్ముడి జీతం ఒక్కటే సరిపోతుందా అని మళ్లీ లెక్క కడతారు. ఉదాహరణకు లోన్ 40 లక్షలు, వడ్డీ 8.5 శాతం, 20 ఏళ్లంటే ఈఎంఐ దాదాపు 34,700. జీతం 60,000 అయితే సగం దాటేసింది కాబట్టి ఒప్పుకోవడం కష్టం. అప్పుడు మరదలి జీతం కలిపి ఆమెను చేర్చమని అడగండి, లేదంటే కొంత అసలు ముందే కట్టి ఈఎంఐ తగ్గించుకోండి. ఫ్లాట్‌లో నీకూ వాటా ఉంటే, బ్యాంకు ఒప్పుకున్నాక ఆ వాటా తమ్ముడికి వదులుకునే రిలీజ్ డీడ్ కూడా రిజిస్టర్ చేయించాలి.