క్షమించమంటున్నారా, కాపురానికి పొమ్మంటున్నారా?

"క్షమించానని ఒక్క మాట అనేసెయ్ తల్లీ, నీ పెద్దరికం నిలబడుతుంది." భర్త చెయ్యిచేసుకున్న గొడవ పెద్దమనుషుల ముందుకొచ్చినప్పుడు చివర్లో వినిపించే మాట ఇదే. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి, ఇద్దరిచేతా సంతకాలు పెట్టించి, పొద్దుగూకేలోపు ఆమెను అత్తారింట్లో దించేస్తారు. అక్కడ జరిగింది రాజీ. అదైనా సరిగ్గా కుదిరిందా అంటే అనుమానమే. క్షమ మాత్రం కానే కాదు.

క్షమ మీద దశాబ్దాలుగా పనిచేసిన రాబర్ట్ ఎన్‌రైట్, ఎవరెట్ వర్తింగ్‌టన్ లాంటి అమెరికన్ సైకాలజిస్టులు ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్నారు. క్షమ బాధపడిన మనిషి లోపల వచ్చే మార్పు. కసి తగ్గుతుంది, అవతలివాడు నాశనమైపోవాలన్న కోరిక సడలుతుంది. దానికి ఒక్కరు చాలు. మళ్లీ కలిసి బతకడానికి మాత్రం ఇద్దరు కావాలి, నమ్మకం కావాలి. ఆ నమ్మకాన్ని తప్పు చేసినవాడు తన నడతతో సంపాదించుకోవాలి.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. పోతన భాగవతంలో ద్రౌపది అశ్వత్థామతో ఎలా ప్రవర్తించిందో చూడండి. (భారతంలోని ద్రౌపది దారి వేరు. అక్కడ ఆమె అతని చావు కోరుతూ ప్రాయోపవేశానికి కూర్చుంటుంది.) నిద్రపోతున్న తన ఐదుగురు కొడుకుల్నీ చంపినవాణ్ణి అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేశాడు. వాడి తరఫున చెప్పడానికి సాకులున్నాయి. తండ్రిని అబద్ధమాడి చంపారు, దుర్యోధనుడికి మాటిచ్చాడు. ద్రౌపది ఒక్క సాకూ ఎత్తలేదు. పిల్లలు ఆయుధం పట్టి నీ మీదికి రాలేదు, నీకే ద్రోహమూ చేయలేదు, చీకట్లో నిద్రపోతున్నవాళ్లను చంపడానికి "నీ చేతు లెట్లాడెనో" అని నిలదీసింది. ముందు తప్పును తప్పని తేల్చింది. 'పాపం తాగున్నాడు, ఏదో కోపంలో' అని సర్దిచెప్పేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. అతని తప్పే లేదంటే ఇక క్షమించడానికి మిగిలేదేముంది?

ఆ తర్వాతే వదిలెయ్యమంది. నాలాగే కృపి కూడా కొడుకు కోసం ఏడవకూడదంది. కొడుకుల్ని మరిచిపోయి అన్న మాట కాదది, ఆ శోకంలోంచే వచ్చిన మాట. చివరికి జరిగిందేమిటి? అర్జునుడు అతని జుట్టు కోసి, తలలోని మణి తీసుకుని, శిబిరం నుంచి గెంటేశాడు. ప్రాణం దక్కింది గానీ శిక్ష తప్పలేదు. మళ్లీ పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టినవాళ్లూ లేరు.

మన పంచాయతీ ఈ మెట్లన్నీ ఒక్క పూటలో దాటించేస్తుంది. వర్తింగ్‌టన్ క్షమను రెండుగా చూస్తాడు. పగ తీర్చుకోననే నిర్ణయం ఒక్క రోజులో తీసుకోవచ్చు, మనసులోని మంట చల్లారడానికి మాత్రం చాలాకాలం పడుతుంది. చిన్నతనంలో సొంతవాళ్ల చేతుల్లోనే లైంగిక హింసకు గురైన 12 మంది మహిళలతో ఫ్రీడ్‌మన్, ఎన్‌రైట్ చేసిన అధ్యయనం 1996లో అచ్చయింది. వారానికోసారి ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటే, క్షమించే దాకా రావడానికి సగటున 14 నెలలు పట్టింది. ఆ హింసించినవాడితో కలిసిపోవాలన్న షరతేమీ లేదు. అయినా వాళ్లలో ఆందోళన, డిప్రెషన్ తగ్గాయి. మనం అడుగుతున్నది సాయంత్రానికల్లా!

పట్టుదలకు పోతే సంసారాలు కూలిపోతాయని, పగ ఒంటికే చేటని అంటారు. రెండో మాట నిజమే. పాత గాయాన్ని పదేపదే తలుచుకుంటుంటే గుండె వేగం, బీపీ పెరుగుతాయని ప్రయోగాల్లో తేలింది. మొదటి మాటకు మాత్రం జేమ్స్ మెక్‌నల్టీ 2011లో ప్రచురించిన అధ్యయనం అడ్డొస్తుంది. కొత్తగా పెళ్లయిన జంటల్ని ఆయన నాలుగేళ్లు గమనించాడు. ఇట్టే క్షమించేవాళ్ల జీవిత భాగస్వాముల్లో తిట్టడం, కొట్టడం అదే స్థాయిలో కొనసాగాయి. అంత తేలిగ్గా క్షమించనివాళ్ల ఇళ్లలో అవి తగ్గుతూ వచ్చాయి. క్షమే దెబ్బలకు కారణమని దీనర్థం కాదు. కానీ చేసినదానికి ఫలితం అనుభవించాల్సిన పని లేదని తెలిశాక కొట్టే మనిషి ఎందుకు మారతాడు?

నా అసలు గొడవ మన రాజీల యావతోనే. పంచాయతీ కానీ, కౌన్సెలింగ్ కానీ, ఆమెను తిరిగి కాపురానికి పంపితే కేసు గెలిచినట్టు లెక్క. ఆ తర్వాత ఆమె నిద్రపోతోందా, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతోందా అని అడిగే నాథుడు ఉండడు. రాజీ కాగితం రాయాలనుకుంటే రాయండి. అందులో మొదటి వాక్యం అతనేం చేశాడన్నది కావాలి, తేదీతో సహా. మళ్లీ చెయ్యెత్తితే ఏం జరుగుతుందో, అతను మారాడని ఆమెకు నమ్మకం కుదిరేదాకా ఆమె ఎక్కడుంటుందో, ఖర్చు ఎవరు భరిస్తారో ఆ కింద రాయండి. క్షమించిందా లేదా అన్నది ఆ కాగితంలో రాయాల్సిన విషయమే కాదు.