లింకు డాక్యుమెంట్లు అడిగిన డాక్టరమ్మ

వనస్థలిపురంలో ఉండే మా మావయ్యగారికి 78 ఏళ్లు. రోజుకి తొమ్మిది రకాల మందులు. కాలనీ పార్కులో ఈ లెక్కకి ఒక మర్యాద ఉంది. ఆరు రకాలు మింగేవాళ్లు తొమ్మిది రకాల మనిషికి బెంచీ మీద జరిగి చోటిస్తారు. అలాంటి పెద్దమనిషి హోదా తగ్గించడానికి ఒక డాక్టరమ్మ పూనుకుంది. 700 ఫీజు పుచ్చుకుని మరీ. ఇలాంటి వైద్యాన్ని ప్రభుత్వం వెంటనే అరికట్టాలని నా మనవి.

చీటీలు చాలవట, ఇంట్లో ఉన్న మందులన్నీ కవర్లో వేసుకు రమ్మంది. టేబుల్ మీద గుమ్మరించింది. సగం ఖాళీ అయిన స్ట్రిప్పుల్ని బట్టి ఏది నిజంగా మింగుతున్నారో, ఏది మింగినట్టు నటిస్తున్నారో కనిపెట్టేసింది. ఆ తర్వాత పాత చీటీలు తీయమంది. ఒక్కో మాత్రకీ ఒకటే ప్రశ్న: ఎప్పుడు మొదలైంది, ఎందుకు? ప్లాటు కొనేముందు వకీలు లింకు డాక్యుమెంట్లు చూస్తాడు చూడండి, అచ్చం అలాగే.

లింకు బయటపడింది. 2021లో బీపీకి ఆమ్లోడిపిన్ ఐదు నుంచి పది మిల్లీగ్రాములకి పెరిగింది. 2022లో కాళ్లు వాచాయి, ఇంకో డాక్టరు మూత్రం వచ్చే మాత్ర ఫ్యూరోసెమైడ్ రాశాడు. 2023లో లేచి నిలబడితే కళ్లు తిరిగాయి, మరొకరు సిన్నరిజిన్ ఇచ్చారు. 2024లో కుడిచేయి వణికింది, పార్కిన్సన్ అని లెవోడోపా వచ్చి చేరింది. ఏ డాక్టరూ తప్పు రాయలేదు. ఎవరికి వాళ్లు తమ వంతు సర్వే నంబరే చూశారు.

ఆమ్లోడిపిన్ చిన్న ధమనుల్ని వదులు చేస్తుందిగానీ సిరల్ని అంతగా చేయదట. రక్తం వచ్చే దారి వెడల్పు, పోయే దారి పాతదే. దాంతో నీరు చీలమండల్లోకి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి మూత్రం మాత్రతో అది పెద్దగా తగ్గదు. బీపీ మాత్రం నిలబడ్డప్పుడు పడిపోతుంది. సిన్నరిజిన్ మెదడులో కదలికల్ని అదుపులో ఉంచే డోపమిన్ అనే రసాయనం పనికి అడ్డుపడుతుంది, ముసలివాళ్లలో వణుకు తెప్పించగలదు.

మావయ్యగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసింది: 138/80. లేపి ఒక నిమిషం తర్వాత: 112/70. పైఅంకె ఇరవై తగ్గినా లెక్కలోకే వస్తుంది, ఇక్కడ ఇరవయ్యారు.

అన్నీ ఒకేసారి ఆపేస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. అబ్బే. ఒక్కసారికి ఒక్కటేనట. రెండు ఆపితే, తేడా వచ్చినప్పుడు దోషి ఎవరో తేలదు. నష్టం ఎక్కువ, ఆపితే ప్రమాదం తక్కువ ఉన్నదే ముందు, అంటే సిన్నరిజిన్. రెండు వారాలయ్యాక ఆమ్లోడిపిన్ ఐదుకి. వాపు దిగాక ఫ్యూరోసెమైడ్ సగం, ఆ తర్వాత సున్నా. ఇది గుండె బలహీనతకి రాసింది కాదని ఎకో రిపోర్టు, పాత చీటీలు చూసుకున్నాకే ఆ మాట అంది. రోజూ పొద్దున్నే బరువు చూసి రాయాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే రావాలి. లెవోడోపా ఉన్నపళంగా మానకూడదు. వణుకు నెమ్మదిస్తే మెల్లగా దించుతారు. దానికి నెలలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే పార్కిన్సన్ నిజంగానే ఉందేమో చూడాలట.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది గ్యాస్ మాత్ర దగ్గర. వాట్సాప్‌లో అందరూ తిట్టేది దాన్నే కదా, అదైనా తీసేయండి అన్నాను. "తియ్యనండి. 2016లో స్టెంటు వేశారు, ఆస్పిరిన్ ఆపలేం. ఈ వయసులో ఆస్పిరిన్‌తో కడుపులో రక్తం కారే భయం ఉంది, ఇది దానికి కాపలా" అంది. పైకి పనికిమాలినదిగా కనబడేది ఉండాలి, పెద్ద పేరున్నది పోవాలి. ఇదేం న్యాయం!

"ఇన్ని మింగితేనే ఇలా ఉన్నారు, మానేస్తే ఏమైపోతారు అల్లుడుగారూ?" అని మా అత్తయ్య రెండు రాత్రులు నిద్రపోలేదు. మెడికల్ షాపు కుర్రాడూ కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

నాలుగు నెలలు గడిచాయి. మావయ్యగారు రాత్రి ఒక్కసారే లేస్తున్నారు. చేతిలో సాసర్ శబ్దం చేయడం లేదు, లెవోడోపా సగానికి దిగింది. పార్కులో మాత్రం బెంచీ చివరికి జరగాల్సి వచ్చింది.

ఆపేసిన స్ట్రిప్పుల్ని అత్తయ్య పారేయలేదు, స్టీలు డబ్బాలో దాచింది. మొన్న పక్కింటి రెడ్డిగారు కళ్లు తిరుగుతున్నాయంటూ వస్తే, "ఉండండి అన్నయ్యా, దీనికి మా దగ్గర మంచి మాత్రుంది" అంటూ ఆ డబ్బా మూత తీసింది.