అలిపిరి దారి చెప్పే లెక్క

2003 అక్టోబర్ 1న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి తిరుమల వెళ్తుండగా, అలిపిరి దాటాక ఘాట్ రోడ్డులో నక్సలైట్లు మందుపాతరలు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. మన సంఘంలో ఆ ప్రాంతంవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ వార్త అందరికీ గుర్తుండే ఉంటుంది. అంత భద్రత మధ్య అది ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు మాత్రం 'నిఘా వైఫల్యం' అన్న ఒక్క మాటే జవాబుగా మిగిలిపోయింది. ఆ జవాబు చాలదు. పెద్ద సైన్యాలు చిన్న దళాల ముందు ఎందుకు తడబడతాయో ఆ రోడ్డునే తీసుకుని చూడవచ్చు.

కొండెక్కే ఘాట్ రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు. దాన్ని ఏడాది పొడవునా కాపలా కాయాలనుకుందాం. అర కిలోమీటరుకు ఒక పికెట్ పెడితే 36 పికెట్లు. ఒక్కోదానికి ఆరుగురు, రోజుకు మూడు షిఫ్టులు వేసుకుంటే 648 మంది. సెలవులో ఉన్నవాళ్లు, జబ్బుపడినవాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు కలిపితే 800 దాటుతుంది. ఒక్క రోడ్డుకే ఇంతమంది కావాలి. జిల్లాలో వంతెనలు, స్టేషన్లు, టవర్లు, నాయకుల ఇళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. అవతలివైపు పాతికమంది దళం వీటిలో దేన్నీ కాపలా కాయనక్కర్లేదు. తనకు నచ్చిన చోట, నచ్చిన రోజున, ఒక్కసారి దెబ్బకొడితే చాలు. కుదరకపోతే ఆరోజుకు మానుకుంటుంది, దానికి పోయేదేమీ లేదు. గెరిల్లా యుద్ధంలో మొదటి సూత్రం ఇదే: ఎక్కడ, ఎప్పుడు అన్న నిర్ణయం తన చేతిలో ఉంచుకోవడం, నేలను పట్టుకుని కూర్చోకపోవడం. ప్రభుత్వం అన్నిటినీ కాపాడి తీరాలి కాబట్టి దాని బలగం ఎంత పెద్దదైనా ముక్కలై పలచబడిపోతుంది.

అలిపిరిలో ఇంకో సంగతి ఉంది. బ్రహ్మోత్సవాల తేదీ పంచాంగంలోనే ఉంటుంది. పట్టువస్త్రాలు తెచ్చేది ఎవరో అందరికీ తెలుసు. కొండెక్కడానికి వాహనాలకు దారి ఒక్కటే. ఎవరు, ఎప్పుడు, ఏ దారిన వస్తారన్న మూడూ ముందే తెలిసిపోయాయి. గెరిల్లాలకు ఇంతకంటే పెద్ద సాయం ఉండదు.

ఇది కొత్తదీ కాదు. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాటీలో అల్లూరి సీతారామరాజు దళం పొంచి ఉండి, ముందు నడుస్తున్న దేశీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను మాత్రమే కాల్చి చంపింది. ఆ బలగం ఆ కనుమలోంచే వస్తుందని వాళ్లకు కొండ ఊళ్ల నుంచి కబురు అందింది. 2010 ఏప్రిల్ 6న దంతేవాడ అడవిలో తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయినప్పుడు కూడా, గస్తీ ముగించుకుని శిబిరానికి తిరిగివస్తున్న బలగమే తెల్లవారుజామున చిక్కుకుంది. రెంటికీ మధ్య 88 ఏళ్లు గడిచాయి, తుపాకులు మారాయి, తప్పు మాత్రం అదే.

శిక్షణ పొందిన బలగాలు పదేపదే ఒకే తప్పు ఎందుకు చేస్తాయి? వాటి ఏర్పాటే అలాంటిది. వందమంది జవాన్లకు రోజూ తిండి, నీళ్లు, బ్యాటరీలు అందాలి. గాయపడినవాణ్ని బయటికి తేవాలి. అందుకు వాహనం కావాలి, వాహనానికి రోడ్డు కావాలి, రోడ్డు ఎటు పోతుందో ఊరందరికీ తెలుసు. పైగా శిబిరం గేటు తెరుచుకున్న క్షణం నుంచి బయటికొచ్చిన బలగాన్ని పశువులు కాసే పిల్లవాడు కూడా లెక్కపెట్టగలడు. అలసిపోయిన జవాను తిరుగు ప్రయాణంలో దగ్గరి దారే ఎంచుకుంటాడు. గస్తీ ఎప్పుడూ ఒకే వేళకు బయలుదేరుతున్నా, వెళ్లిన దారినే వెనక్కి వస్తున్నా, ఒకే ఊళ్లో రెండోసారి బస చేస్తున్నా ఆ బలగం ప్రమాదంలో ఉన్నట్టే.

అయితే గెరిల్లాకూ బలహీనతలున్నాయి, అల్లూరి నడిపిన రంప తిరుగుబాటులో అవి స్పష్టంగా కనిపించాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లపై దాడి చేసి రాజు దళం సంపాదించింది 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. ఖర్చయిన తూటాకు బదులు మళ్లీ శత్రువు దగ్గరే లాక్కోవాలి. తిండి, కబురు ఊరే ఇవ్వాలి. మలబారు పోలీసులు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చారు. ఊళ్ల మీద ఒత్తిడి పెంచి, తిండీ కబురూ అందకుండా చేశాక దళం చిక్కిపోయింది. 1924 మే 7న రాజును పట్టుకుని కాల్చి చంపారు. ఊరితో ఉన్న సంబంధం తెగిన చోటే ఆ పోరాటం ఆగిపోయింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఈ పాఠాన్ని 1989లో అమలు చేశారు. నక్సలైట్లను ఎదుర్కోవడానికి ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఏర్పాటుచేసిన ప్రత్యేక దళం గ్రేహౌండ్స్ పద్ధతిలో అసలు విషయం ఆయుధాలు కాదు, నడక. చిన్న జట్టు రాత్రిపూట బయలుదేరుతుంది. వాహనాన్ని అడవికి దూరంగానే వదిలేస్తుంది. నాలుగైదు రోజులకు సరిపడా పొడి తిండి వీపున మోసుకుంటుంది కాబట్టి ఊళ్లోకి వెళ్లి అన్నం అడగదు. వెళ్లిన దారిన తిరిగిరాదు. అడవి మధ్య శాశ్వత శిబిరం పెట్టుకోదు. దీనికి తోడు నిఘా విభాగం లొంగిపోయినవాళ్ల నుంచి దళాల అలవాట్లు తెలుసుకునేది, లొంగిపోయినవాడి తలపై ఉన్న రివార్డు సొమ్మును ప్రభుత్వం అతనికే ఇచ్చేది. అంటే గెరిల్లా సూత్రాలను ప్రభుత్వమే నేర్చుకుంది.

నేర్చుకున్నది ఒక్కరోజు పక్కనపెడితే ఏమవుతుందో 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో తెలిసింది. ఆపరేషన్ ముగించుకుని వస్తున్న గ్రేహౌండ్స్ జవాన్లు పడవ ఎక్కారు. నీళ్ల మీద పడవకు పక్కకు తప్పుకునే చోటు లేదు, రెండు వైపులా కొండలు. పైనుంచి జరిగిన కాల్పుల్లో 38 మంది చనిపోయారు. నడకను నమ్ముకున్న బలగం ఆరోజు తానే ఒకే దారికి కట్టుబడింది.

ఈ పద్ధతి మూల్యం గురించి మన పత్రికల్లో తక్కువ రాస్తున్నాం. కబురు మీద నడిచే యుద్ధంలో కబురు ఇచ్చేవాడు ఊరివాడే. పోలీసులకు చెప్పాడని దళం చంపుతుంది, దళానికి అన్నం పెట్టాడని పోలీసులు పట్టుకెళ్తారు. బూటకపు ఎన్‌కౌంటర్ల ఆరోపణలు ఈ దశాబ్దాలన్నిటా వెంటాడాయి. పట్టుకున్న మనిషిని కోర్టు ముందు నిలబెట్టకుండా చంపడం నేరం, పైగా యుద్ధపరంగానూ తెలివితక్కువ పని: చనిపోయినవాడి అన్నదమ్ములు ఆ తర్వాత పోలీసులకు కబురు చెప్పరు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు మొదలై 2005 జనవరికల్లా ఆగిపోవడం నా దృష్టిలో పెద్ద నష్టం. ఆ బల్ల మీద భూమి సమస్య కూడా ఉంది. రంపలో మన్యం మండిపోవడానికి ఒక కారణం 1882 మద్రాసు అటవీ చట్టం కింద పోడు మీద వచ్చిన ఆంక్షలు. అడవిలో సాగుచేసుకుంటున్నవారికి హక్కు ఇచ్చే చట్టం 2006లో గానీ రాలేదు. దాని కింద ఒక గూడెంలో ఎన్ని అర్జీలు పెట్టారో, ఎన్నిటికి పట్టాలు అందాయో చూస్తే, ఆ గూడెం రేపు కబురు ఎవరికి చెబుతుందో గస్తీ అధికారి ముందే అంచనా వేసుకోవచ్చు.