నడుము నొప్పికి నా నంబరు

నిన్న తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషాలకు ఫోను మోగింది. ఆ వేళప్పుడు వచ్చే ఫోను మంచి కబురు మోసుకురాదు. వణుకుతూ ఎత్తాను. "నడుము నొప్పి బ్యాచ్ ఇదేనాండీ?" అన్నారు ఒక పెద్దాయన.

ఒక యోగా స్టూడియో ప్రకటనను నొక్కితే తెరుచుకునే ల్యాండింగ్ పేజీకి వైర్‌ఫ్రేమ్, అంటే ఏది ఎక్కడ ఉండాలో చూపే గీతల నమూనా, కాగితం మీద గీశాను. ప్రకటనలో "నడుము నొప్పికి ఉదయం బ్యాచ్, మొదటి తరగతి ఉచితం" అని ఉంది. నొక్కి వచ్చినవాడికి చోటు మారలేదని తెలియాలి కనుక పేజీ నెత్తిన కూడా అదే మాట పెట్టాను. దాని కింద పేరు, నంబరు రాసే రెండు గళ్లు, ఒక్క బటన్. 360 పిక్సెళ్ల ఫోను తెరపై వేలితో జరపకుండానే బటన్ కనబడాలి. అంతే.

"మెనూ ఏది?" అన్నారు యజమాని. గర్భిణుల తరగతి, పిల్లల తరగతి, చాపల అమ్మకం, అన్నీ కావాలట. ప్రతి క్లిక్కుకూ డబ్బు కట్టి ఇంట్లోకి పిలిచిన మనిషికి తొమ్మిది దొడ్డి తలుపులు చూపిస్తామా అన్నాను. ఆయన వినలేదు, కాగితం వంక చూస్తున్నారు. ఫోటో వచ్చే చోట ఒక గడి గీసి మూల నుంచి మూలకు రెండు గీతలు లాగడం మా ఆనవాయితీ. "మా గురువుగారిని కొట్టేశారేమిటి?" అన్నారు, నిజంగానే నొచ్చుకుని.

ఆ అపరాధ భావంతోనే కాబోలు, ఒకే పని, ఒకే బటన్ అని అరగంట చెప్పిన నేనే "ఫోను చేయండి" అనే రెండో బటన్‌కు తలూపాను. స్టూడియో నంబరు తర్వాత పంపుతామన్నారు. ఉత్తుత్తి అంకెలు వేస్తే అవి ఏ అమాయకుడివో అవుతాయని, మనస్సాక్షి కలవాడిని కనుక, నా నంబరు వేశాను. వాళ్లు పంపలేదు. పేజీ కట్టిన కుర్రాడు ఉన్నది ఉన్నట్టు దించాడు. చివరి తనిఖీలో అక్షరాల సైజు దగ్గర నుంచి అన్నీ చూశాను. సొంత నంబరు కంటికి తప్పుగా ఎలా కనబడుతుంది?

యోగా చేయాలనుకునేవాళ్లు చేయకముందు నుంచే పెందలాడే లేస్తారని అప్పుడు తెలిసింది. తొమ్మిదింటికల్లా పద్నాలుగు ఫోన్లు. ఖాళీ కడుపుతో రావాలా అని ఒకావిడ అడిగితే, నిద్రమత్తులో అవునని కూడా చెప్పాను.

ఫారం నింపాక తెరుచుకునే ధన్యవాదాల పేజీనే మేము లెక్కకు కట్టాం. ఫోన్లను లెక్కించే ఏర్పాటు చేయలేదు. కాబట్టి ప్రకటన ఖాతాలో ఫలితం సున్నా. యజమాని దాన్ని ఫోటో తీసి పంపి, కింద రాశారు: "మెనూ ఉంటే ఇలా జరిగేదా?"

జవాబు టైపు చేస్తుండగా మళ్లీ పెద్దాయన. చాప ఆయనే తెచ్చుకోవాలా అని.