కందిపప్పు ఉడక్కపోతే వంటమనిషిని తిట్టకండి

పరాయి దేశంలో ఇంటి భోజనం హోటల్ పెట్టినవాళ్లు ఎక్కడ కలిసినా సరుకుల రేట్ల గురించే ఏడుపు. నాకైతే రేటు రెండో సంగతి అండీ. మొన్నటి బస్తా మీద ఉన్న పేరే ఇవాళ్టి బస్తా మీదా ఉంటుంది, లోపల సరుకు మాత్రం వేరే, అసలు తలనొప్పి అది. కందిపప్పు సంగతే తీసుకోండి. ఒక బస్తా మెత్తగా వెన్నలా ఉడికిపోతుంది, అదే కంపెనీ తర్వాతి బస్తా ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుపలుకుగానే ఉంటుంది, మధ్యాహ్నం భోజనాల టైముకి కిచెన్‌లో అందరూ వంటమనిషి మీద పడతారు. పాపం ఆయనేం చేస్తాడు!

పప్పు వేడిలో, తేమలో నెలల తరబడి ఉంటే గింజ లోపల గట్టిపడిపోతుంది, అప్పుడు ఎంత ఉడికించినా కణాలు విడిపోవు. ఓడలో కంటైనర్, తర్వాత గోడౌన్, తర్వాత ఎవరో చిన్న ప్యాకెట్లలోకి మార్చడం, ఇంత ప్రయాణం ఉంది దానికి. ప్యాకెట్ మీద ఉన్న తేదీ ప్యాక్ చేసిన తేదీ, పంట కోసిన తేదీ కాదు. అందుకే నేను సప్లయర్‌ని అడిగే మొదటి ప్రశ్న ఏ దేశం పంట, ఏ సీజన్‌ది అని. మన దేశంలో ఖరీఫ్ కంది ఎక్కువగా డిసెంబర్ నుంచి వస్తుంది, మొజాంబిక్, టాంజానియా వైపు పంట దాదాపు ఆగస్టు అటూ ఇటూ. ఈ లెక్క తెలిస్తే "కొత్త పంట సార్" అని అన్నప్పుడు అది నిజమా కాదా కొంచెం అర్థమవుతుంది. సమాధానం చెప్పనివాడి దగ్గర నేను పెద్ద ఆర్డర్ పెట్టను, ఎంత తక్కువకిచ్చినా సరే.

ఆర్డర్ ముందు శాంపిల్ తెప్పించి ఉడికించి చూడాలి, ఇందులో మాత్రం బద్ధకం వద్దు. ఇప్పుడు వాడుతున్న బాగా ఉడికే పప్పు 100 గ్రాములు ఒక గిన్నెలో, కొత్త శాంపిల్ 100 గ్రాములు ఇంకో గిన్నెలో, రెండింటికీ 300 మిల్లీలీటర్ల నీళ్లు, ఒకే నానబెట్టే టైము, ఒకే కుక్కర్‌లో పక్కపక్కన. తీశాక వేళ్ల మధ్య నలిపి చూడండి, పైన మెత్తబడి మధ్యలో గట్టి పలుకు తగిలితే ఆ లాట్ వద్దు. రెండూ ఉడక్కపోతే అనుమానం నీళ్ల మీదకి వెళ్లాలి. కొన్ని ఊళ్లలో కుళాయి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి పప్పుని మెత్తబడనివ్వవు. అదే పప్పుని ఆర్‌ఓ నీళ్లలో మళ్లీ ఉడికిస్తే తేలిపోతుంది, మెత్తబడితే తప్పు నీళ్లది, బస్తా వెనక్కి పంపకండి. ఇంకోటి, ఉడక్కముందే చింతపండు, టమాటా వేసేసి పప్పుని అనుమానించేవాళ్లూ ఉన్నారు. పులుపు పడితే పప్పు మెత్తబడదు కదా!

చిటికెడు వంటసోడా వేసేస్తే సరిపోతుంది కదా అంటారు. ఉడుకుతుంది, కాదనను. కానీ కొంచెం ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, పసుపు ఎర్రబారుతుంది, రోజూ ఇంట్లో తినేవాళ్లు మొదటి ముద్దకే పట్టేస్తారు.

కారం దగ్గరా ఇదే గొడవ. పొడి కొనడం నాకు ఇష్టం ఉండదు, పొడి చేశాక రంగు, ఘాటు త్వరగా తగ్గిపోతాయి, పైగా కల్తీ రంగులు కలిపితే కంటికి తెలియదు. 2003లో యూరప్‌లో కారంపొడిలో సూడాన్ రంగు దొరికి ఎంత గోల అయిందో! ఎండుమిర్చి కొని నేనే ఆడించుకుంటాను, ఘాటుకి తేజ రకం, రంగుకి బ్యాడిగి, అవి కలుపుకుంటే కూర రంగు రోజూ ఒకేలా వస్తుంది. కొత్త లాట్ వచ్చిన రోజు పాత కారం అయిపోకుండా చూసుకుని సగం సగం కలుపుతాను, దాంతో తేడా ఒక్కసారిగా బయటపడదు.

కరివేపాకు మాత్రం వేరే కథ. సూట్‌కేసులో తెచ్చేద్దాం అనే మిత్రులకి దండం! నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులుని మోసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకే నిమ్మజాతి పంటలున్న చోట్ల బయటి నుంచి తాజా ఆకు, మొక్క తేవడం మీద అంత కట్టడి. దొరికిందా, మీ సరుకంతా ఆపి చూస్తారు. ఆ దేశంలోనే లైసెన్స్ ఉన్న నర్సరీ లేదా పెంపకందారు దగ్గర వారానికింత అని మాట్లాడుకోవడం మేలు. ఖరీదే, ఒప్పుకుంటా. ఎండబెట్టిన ఆకుతో మాత్రం తాలింపు వెయ్యకండి ప్లీజ్, దానికన్నా అసలు వెయ్యకపోవడమే నయం. అన్నట్టు ఇంగువ డబ్బా లేబుల్ చదవండి, చాలావాటిలో గోధుమపిండి ఉంటుంది. గోధుమ పడని కస్టమర్ సాంబార్‌లో ఏముందని అడిగితే చెప్పాల్సింది మీరే.