లెక్కపెట్టలేని డబ్బు, లెక్కపెట్టగలిగే చుక్కలు

"లెక్కపెట్టగలిగితే మెనీ, లెక్కపెట్టలేకపోతే మచ్." ఈ సూత్రం కనిపెట్టిన మహానుభావుడెవరో తెలిస్తే చెప్పండి, శాలువా కప్పి సన్మానం చేసి, ఆ శాలువాతోనే నోరు కట్టేద్దాం. ఏ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి వెళ్ళినా బోర్డు మీద ఇదే, ఏ గైడు తెరిచినా ఇదే.

ఈ లెక్కన ఆకాశంలో చుక్కల్ని ఎవడూ లెక్కపెట్టలేడు కాబట్టి మచ్ స్టార్స్ అనాలి. అనరు, మెనీ స్టార్స్ అంటారు. అదే బ్యాంకులో క్యాషియర్ నోట్లకట్టని మెషీన్‌లో పెట్టి, నమ్మకం చాలక వేలు తడుపుకుని మళ్ళీ లెక్కపెట్టి, ఒక నోటు తక్కువుందని అద్దం వెనక నుంచి మనల్ని దొంగని చూసినట్టు చూస్తాడే, ఆ డబ్బు మాత్రం లెక్కపెట్టలేనిదట! హౌ మచ్ మనీ.

చూడాల్సింది వస్తువుని కాదు, మాటని. వన్ రుపీ, టూ రుపీస్ అంటాం కాబట్టి మెనీ రుపీస్. వన్ మనీ, టూ మనీస్ అనం కాబట్టి మచ్ మనీ. ప్లాట్‌ఫామ్ మీద మన ముందున్నవి మెనీ బ్యాగ్స్, అవే సంచుల్ని లగేజ్ అనగానే మచ్ అయిపోతాయి. కుర్చీలకి మెనీ, ఫర్నిచర్‌కి మచ్. న్యూస్ చివర ఎస్ ఉన్నా మచ్చే, పీపుల్ చివర ఎస్ లేకపోయినా మెనీయే. ఇంతోటి సంగతి చెప్పడానికి బోర్డు మీద చోటు లేదు పాపం.

సరే, ఇది పరీక్షలో అరమార్కుతో పోయే గొడవ. అసలు వినోదం ఆఫీసుల్లో ఉంది. ఫ్యూ అంటే కొన్ని అని మనవాళ్ళందరికీ గట్టి నమ్మకం. కొన్ని అంటే ఎ ఫ్యూ. ఎ లేకుండా ఒట్టి ఫ్యూ అంటే దాదాపు ఏమీ లేవు అని. ఇప్పుడు మన టీమ్ లీడ్ గారు రాత్రి పొద్దుపోయాక అమెరికా క్లయింట్‌కి భయం భయంగా మెయిల్ కొడతారు: దేర్ ఆర్ ఫ్యూ ఇష్యూస్. ఆయన ఉద్దేశం, బాబూ కొన్ని సమస్యలున్నాయి, కాస్త ఆగండి అని. అవతలివాడు చదివేది, సమస్యలు పెద్దగా ఏమీ లేవు అని. వాడు శభాష్ అని, అయితే రేపే రిలీజ్ చేసేయండి అంటాడు. ఈయనకి చెమటలు పట్టి ఇంకో మెయిల్: వి హావ్ లిటిల్ టైమ్. కొంచెం టైముంది, సరిచేస్తాం అని ఈయన భావం. టైమ్ దాదాపు లేనట్టే అని వాడికి అర్థం. టైమ్ లేదని మీరే అంటున్నారు కదా, అయితే ఈ రాత్రికే కానిచ్చేయండి అని జవాబు! ఒక్క ఎ అక్షరం, ఎ లిటిల్ టైమ్ అని ఉంటే, టీమ్ మొత్తం ఇంటికెళ్ళి పడుకునేది.

ఈ బాపతు జనమే ఇంటర్వ్యూలో డిగ్రీ పిల్ల ఎవరైనా హౌ మెనీ మిల్క్ అంటే పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి నవ్వుతారు. ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. ఆ పిల్లకి ఈ తేడా తెలియక కాదు. మూడేళ్ళప్పటి నుంచీ ఎంత బియ్యం, ఎన్ని గింజలు అని తప్పు లేకుండా మాట్లాడుతోంది. కానీ మనకి పాలు, నీళ్ళు బహువచనాలు. పాలు పొంగాయి అంటాం, పాలు ఎన్ని పోయమంటావు అంటాం. ఇంగ్లీషులో మిల్క్ ఏకవచనం. రెండు భాషలూ ఎక్కడ విడిపోతాయో అక్కడే ఆ పిల్ల జారింది. మీ భాషలోనే ఎంత, ఎన్ని ఉన్నాయి, ఇదిగో ఈ నాలుగు మాటల దగ్గర మాత్రం జాగ్రత్త అని పదేళ్ళ చదువులో ఒక్కడు చెప్పలేదు. చెప్పనివాళ్ళకి సిగ్గు లేదు గానీ, ఆ పిల్ల తలొంచుకుని బయటికి రావాలి!

అమ్మా, ఈసారి ఎవడైనా అడిగితే ఎ లాట్ ఆఫ్ అను. అది పాలకీ పనికొస్తుంది, బ్యాగులకీ పనికొస్తుంది. పక్కన క్రియ మాత్రం చూసుకో, ఎ లాట్ ఆఫ్ మిల్క్ ఈజ్, ఎ లాట్ ఆఫ్ బ్యాగ్స్ ఆర్. ఐ హావ్ మచ్ వర్క్ అని ఇంగ్లీషువాడు మామూలు మాటల్లో అనడు, ఎ లాట్ ఆఫ్ వర్క్ అనే అంటాడు. ఒట్టి మచ్ ఎక్కువగా ప్రశ్నల్లోనూ, లేదు అని చెప్పేటప్పుడూ వస్తుంది. టూ మచ్, సో మచ్ అయితే ఎక్కడైనా సరే.

ఇక నవ్విన సారుగారు ఆ సాయంత్రమే పంపిన మెయిల్: ప్లీజ్ సెండ్ ఫ్యూ ఇన్ఫర్మేషన్స్. ఇన్ఫర్మేషన్‌కి ఎస్ రాదు, దానికి ఫ్యూ అతకదు, సమ్ ఇన్ఫర్మేషన్ అంటే సరిపోయేది. ముందు అది దిద్దుకోండి సార్, తర్వాత నవ్వుదురుగాని.